అప్రస్తుత ప్రసంగం: రీల్స్ మన ఏకాగ్రతని నిజంగా తినేశాయా?

[తెర: చీకటి గది. ఫోన్ వెలుగు పడుతున్న ముఖం.]

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు బిల్లు కడదామని ఫోన్ తీశాను. పైన నోటిఫికేషన్. మా మామయ్య కొడుకు రీల్ పంపాడు. చూశాను. దాని కింద ఇంకోటి. కాసేపటికి ఎవరో పుచ్చకాయని తామరపువ్వులా చెక్కుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. టైమ్ పదింపావు. బిల్లు సంగతి పడుకోబోతూ ఫ్యాన్ స్విచ్ వేస్తుంటే గుర్తొచ్చింది.

[తెర: గాజు తొట్టిలో గోల్డ్‌ఫిష్.]

"మనిషి ఏకాగ్రత ఎనిమిది సెకన్లు, ఈ చేపది తొమ్మిది" అని మీరూ వినే ఉంటారు. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా నివేదికలో వచ్చి ఊరంతా తిరిగిన మాట అది. తర్వాత బీబీసీ వాళ్ళు ఆ అంకె ఎక్కడిదని తవ్వితే ఆధారమే దొరకలేదు. కాబట్టి చేపని వదిలేద్దాం పాపం.

నేననేది వేరు. మన ఏకాగ్రత పొట్టిదైపోలేదు. మధ్యలో పక్కకి పోయినా మళ్ళీ మొదటి పనికి తిరిగొచ్చే అలవాటు పోయింది. అదీ దానంతటది పోలేదు. తిరిగొచ్చే దారుల్ని యాప్‌లు కావాలనే మూసేశాయి.

[తెర: అష్టావధాన వేదిక. మధ్యలో అవధాని, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు.]

అష్టావధానం చూశారా ఎప్పుడైనా? ఒకరు పూర్తిచెయ్యమని ఒక పాదాన్ని సమస్యగా ఇస్తారు, ఒకరు కొన్ని పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, అది దత్తపది, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ నాలుగు ఆవృత్తాలు తిరగాలి. వీళ్ళ మధ్యలో ఒకాయన ఉంటాడు, ఆయన పనే చెడగొట్టడం. పద్యం సగంలో ఉండగా "అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ కూర ఎవరు వండారు?" అంటాడు. దాని పేరే అప్రస్తుత ప్రసంగం. అవధాని ఆయనకి చమత్కారంగా జవాబిచ్చి, జనం నవ్వుతుండగానే వదిలిన పాదం దగ్గరికి వచ్చేస్తాడు. చివర్లో ధారణ. పద్యాలన్నీ మొదటి నుంచీ అప్పజెప్తాడు.

అంతరాయం మనకి కొత్త కాదు, దాన్ని కళగా చేసుకున్నవాళ్ళం. ఇప్పుడు ఫోన్‌లో జరుగుతున్నదేమిటంటే, ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగులే. తిరిగి రావడానికి పద్యమే లేదు.

[తెర: పాత వెబ్‌పేజీ అడుగున "తర్వాతి పేజీ" లింకు. అది చెరిగిపోతుంది.]

ఒకప్పుడు పేజీకి అడుగు ఉండేది. అక్కడ ఒక్క క్షణం ఆగేవాళ్ళం, "చాల్లే" అనుకోవడానికి ఆ క్షణం సరిపోయేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ తయారుచేశాడు. తర్వాత ఆయనే దానికి బహిరంగంగా బాధపడ్డాడు. శుభం కార్డు పడని సినిమా అది. పైగా పది రీళ్ళలో ఎనిమిది చెత్తే. తొమ్మిదోది అదిరిపోవచ్చు అనే ఆశ చాలు, బొటనవేలు ఆగదు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకపోతే పావురం మీటని పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పుడో చూపించాడు.

ఇప్పుడు నాకు ఇబ్బంది కలిగించే సంగతి.

[తెర: మూడు అంకెలు, ఒకదాని తర్వాత ఒకటి.]

గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఉద్యోగస్తులు ఒక తెర మీద ఎంతసేపు నిలుస్తున్నారో కొలుస్తూ వచ్చారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు. 2012లో 75 సెకన్లు. ఈమధ్య 47. పెద్ద పతనం 2012 నాటికే జరిగిపోయింది. మన దగ్గర టిక్‌టాక్ నిషేధం, ఆ వెంటనే ఇన్‌స్టాలో రీల్స్ రావడం 2020 సంగతి. అంటే నేరమంతా రీల్స్ నెత్తిన వేయలేం. పైగా దాదాపు సగం అంతరాయాలు మనకి మనమే చేసుకునేవని కూడా ఆవిడే చెప్పారు. ఒప్పుకుంటాను. కానీ ఎవరూ పిలవకుండానే చెయ్యి జేబులోకి పోయే అలవాటు ఒక్క రోజులో రాలేదు కదా.

ఇంకో వాదన: "అదే జనం మూడు గంటల సినిమా కదలకుండా చూస్తున్నారుగా?" చూస్తున్నారు. నా మాటకి అదే బలం. శక్తి ఎక్కడికీ పోలేదు. హాల్లో ఇంటర్వెల్ ఉంది, చివర ఉంది, లైట్లు వెలుగుతాయి.

అవధానులు ఏళ్ళ తరబడి సాధన చేస్తారు, వాళ్ళతో మనకి పోలికేంటి అంటే, అది న్యాయమైన మాటే. ఆ ఫీడ్ వల్లే తమ పాట నలుగురికీ వినిపించిన పల్లెటూరి కళాకారులూ ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి ఫోన్ పారెయ్యమని నేను చెప్పలేను.

[తెర: ఈ ఛానెల్ ఎడిటింగ్ టైమ్‌లైన్. ముక్కలు ముక్కలుగా.]

నేనేం తక్కువ తినలేదు. నా వీడియోలు ఎక్కడ వదిలేసి వెళ్తున్నారో గ్రాఫ్ చూసుకుంటాను. మొదటి ముప్పై సెకన్లలోనే గీత ధడాల్న కిందకి జారుతుంది. అందుకే ఆ పుచ్చకాయని మొదట్లో పెట్టాను.

బిల్లు మర్నాడు పొద్దున కట్టాను. ఫోన్ ఇంట్లో పెట్టి, మీసేవ దాకా నడిచివెళ్ళి.