గాజువాక డ్రెయిన్ టెండర్: రిజెక్షన్ ఆర్డర్‌లో ఏముంది, కోర్టుకి వెళ్లాలా

అన్నయ్యా, ఆర్డరూ బిడ్ డాక్యుమెంటూ రెండూ రాత్రి కూర్చుని మొత్తం చదివాను, ఫోన్లో చెబితే అంకెలు గుర్తుండవని రాసి పంపిస్తున్నా, సైట్‌కి వెళ్లేముందు చూడండి.

పని వాన నీటి డ్రెయిన్, అంచనా 3.80 కోట్లు, గడువు 9 నెలలు. టెక్నికల్ బిడ్ దగ్గరే మనల్ని తీసేశారు. ఆర్డర్ పేజీన్నర, కారణాలు రెండు: బిడ్ కెపాసిటీ చాల్లేదు, ఎక్స్‌కవేటర్ లీజు కాగితానికి నోటరీ లేదు.

మొదటిది వాళ్ల లెక్క తప్పే అన్నయ్యా. ఫార్ములా 2AN - B. A అంటే గత 5 ఏళ్లలో మీరు ఎక్కువ పని చేసిన ఏడాది విలువ, 3.20 కోట్లు, N అంటే 9 నెలలు కాబట్టి 0.75, రెట్టింపు చేస్తే 4.80 కోట్లు. ఇక్కడిదాకా వాళ్లదీ మనదీ ఒకటే. తేడా B లో, అంటే చేతిలో మిగిలిన పనుల్లో. పెందుర్తి రోడ్డు పని మొత్తం 1.40 కోట్లూ B లో వేసేసి మనకి 3.40 కోట్లే అన్నారు. కానీ అందులో 80 లక్షల పని అయిపోయి బిల్లు కూడా వచ్చింది, ఈఈ గారు సంతకం పెట్టిన సర్టిఫికెట్ మనం అప్‌లోడ్ చేసిన ఫైల్లో 41వ పేజీలో ఉంది. మిగిలింది 60 లక్షలు, కెపాసిటీ 4.20 కోట్లు, సరిపోతుంది. ఆ పేజీ చూసినట్టు ఆర్డర్‌లో ఒక్క ముక్క లేదు. మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లోనే సుప్రీం కోర్టు చెప్పింది, ఆర్డర్‌లో రాయని కారణాలు తర్వాత అఫిడవిట్‌లో కలపడానికి లేదని, అది మనకి పనికొస్తుంది.

నన్ను భయపెడుతున్నది రెండోది. 3.4 షరతులో "నోటరీ చేసిన లీజు ఒప్పందం జతచేయని బిడ్ తిరస్కరించబడును" అని ఉంది. మన స్టాంప్ పేపర్ ఉంది, సంతకాలున్నాయి, నోటరీ సీల్ లేదు. 3.7లో అప్‌లోడ్ చేసిన కాగితాల మీద వివరణ అడగొచ్చని ఉంది, మనల్ని అడగలేదు, కానీ "అడగొచ్చు" అంటే అడిగి తీరాలని కాదు కదా. మిగతా ఎవరికైనా ఇలాంటి లోపం వదిలేసి మనల్ని మాత్రమే తీసేస్తే మన కేసు గట్టిది, అందుకే క్వాలిఫై అయినవాళ్ల లీజు కాగితాలు పోర్టల్‌లో కనిపిస్తే ఈరోజే డౌన్‌లోడ్ చేయించండి.

స్టే మీద ఆశ పెట్టుకోకండి. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మార్చాక మౌలిక వసతుల పనులు ఆలస్యమయ్యే స్టేలు ఇవ్వకూడదన్నారు, ఆ జాబితాలో వాన నీటి డ్రెయిన్లూ ఉన్నాయి. అవతలివాళ్లు అగ్రిమెంట్ చేసి తవ్వకం మొదలెట్టాక వెళితే దాదాపు దండగే.

నా మాట: ఈరోజే 41వ పేజీ జతచేసి రిప్రజెంటేషన్ ఇద్దాం, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుందాం, 2 రోజుల్లో జవాబు రాకపోతే అమరావతిలో రిట్ వేద్దాం. మిగతావాళ్ల కాగితాలన్నీ పక్కాగా ఉండి నోటరీ లోపం మనదొక్కటే అయితే మాత్రం, 3.80 లక్షల ఈఎండీ వెనక్కి తీసుకుని వచ్చే టెండర్ చూసుకోమంటాను. మన మీద తప్పుడు సమాచారం అన్న ఆరోపణ ఆర్డర్‌లో లేదు, బ్లాక్‌లిస్ట్ భయం పెట్టుకోకండి.

మధ్యాహ్నం 12 లోపు చెప్పండి అన్నయ్యా, లెటర్ డ్రాఫ్ట్ రెడీగా ఉంది.