గెంతులు లేని పది నిమిషాల ఇంటి వ్యాయామం: వీడియో స్క్రిప్టు

(కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్, హాలు. సోఫా, టీపాయ్ పక్కకి జరిపి ఉన్నాయి. ఎడమవైపు మ్యాట్ మీద ట్రైనర్. కుడివైపు ఆమె అత్తయ్య, పక్కన గోడకి ఆనించిన చెక్క కుర్చీ. తెర మూలన టైమర్ చివరిదాకా కనిపించాలి. మ్యూజిక్ మాటని మింగెయ్యకూడదు.)

0:00 – 1:00

నమస్తే అండీ. ఈరోజు మనకి పది నిమిషాలు. గెంతే పని ఒక్కటీ పెట్టలేదు, కింది ఫ్లాట్ వాళ్లు పైకొచ్చి బెల్ కొట్టరు. మాదాపూర్ నుంచి ట్రాఫిక్‌లో నడుం పట్టేసి ఇంటికొచ్చినవాళ్లు కూడా చెయ్యొచ్చు. పక్కన మా అత్తయ్య. ఆవిడకి మోకాళ్లు కాస్త పట్టేస్తాయి, అందుకని తేలిక పద్ధతి ఆవిడ చూపిస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు నన్నొదిలేసి ఆవిడని చూసి చేయండి.

ముందు నేల చూసుకోండి. అప్పుడే తడిబట్ట పెట్టిన టైల్స్ మీద, అందులోనూ సాక్సులతో, వద్దు. ఒట్టికాళ్లతో గానీ షూస్‌తో గానీ చేయండి. చున్నీ తీసి పక్కన పెట్టండి. కుర్చీ ప్లాస్టిక్‌ది కాకుండా గట్టిది తెచ్చుకుని గోడకి ఆనించండి. ఇప్పుడే కడుపునిండా తిన్నారా? అయితే రెండు గంటలాగి రండి, నేనెక్కడికీ పోను.

(తెర మీద అక్షరాలు: గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే చేయండి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు గ్లూకోజు గానీ చక్కెర గానీ దగ్గర పెట్టుకోండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆపండి.)

1:00 – 1:30 ఉన్నచోటే నడక

మొదలు. ఉన్నచోటే నడవండి. చేతులు ఆడించండి. అడుగు మెత్తగా పడాలి, ధబ్ ధబ్‌మని చప్పుడొస్తే బరువంతా కీళ్ల మీద పడుతోందని లెక్క. మెడ వదులుగా. ఫోన్ కింద పెట్టి నన్ను చూస్తున్నారా? దాన్ని కాస్త ఎత్తులో పెట్టుకోండి, మెడ వంచక్కర్లేదు.

1:30 – 2:00 భుజాలు

నడుస్తూనే భుజాలు వెనక్కి తిప్పండి. పెద్ద సున్నాలు, నిదానంగా. రోజంతా ల్యాప్‌టాప్ మీదికి వంగినవాళ్లకి ఇక్కడ టకటక చప్పుడొస్తుంది. నొప్పి లేకపోతే దాని గురించి టెన్షన్ పడకండి. నొప్పి ఉంటే సున్నా చిన్నది చేయండి.

2:00 – 2:30 తుంటి దగ్గర వంగడం

ఆగండి. పాదాలు తుంటి వెడల్పున. చేతులు తొడల మీద పెట్టి, పిరుదులు వెనక్కి తోస్తూ ముందుకి వంగండి. వీపు తిన్నగానే ఉండాలి, వంగేది తుంటి దగ్గర. మోకాళ్లు కొద్దిగా మడవండి. లేవండి. మళ్లీ. గ్యాస్ బండ జరిపేటప్పుడు కూడా ఇలాగే వంగితే నడుం బతుకుతుంది.

2:30 – 3:15 కుర్చీ స్క్వాట్, 45 సెకన్లు

కుర్చీకి వీపు పెట్టి నిలబడండి. చేతులు ముందుకి. కూర్చోబోతున్నట్టు కిందికి... కుర్చీ తగిలీ తగలగానే పైకి. దిగేటప్పుడు ఊపిరి లోపలికి, లేచేటప్పుడు బయటికి. ఊపిరి బిగబట్టకండి, బిగబడితే బీపీ పైకెళ్తుంది.

మోకాలు ఎటు చూస్తోందో గమనించండి. పాదం ఎటుంటే మోకాలూ అటే. రెండు మోకాళ్లూ లోపలికి పడిపోతుంటే కాస్త బయటికి తోయండి. మడమలు నేల వదలకూడదు.

అత్తయ్య: ఏమ్మా, నేను పూర్తిగా కూర్చుని లేవనా?

కూర్చోండి అత్తయ్యా. కానీ దబ్బున పడొద్దు, మూడు లెక్కపెడుతూ దిగండి. లేచేటప్పుడు చేతులు తొడల మీద పెట్టుకోండి.

అత్తయ్య: ఎన్ని చెయ్యాలి?

లెక్క పెట్టుకోవద్దు. టైమర్ ఆగేదాకా మీకు వచ్చినన్ని. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

3:15 – 3:30 విశ్రాంతి

నడుస్తూ ఉండండి, కూలబడకండి. పక్కవాళ్లతో ఓ వాక్యం మాట్లాడి చూడండి. మాట వస్తోందంటే వేగం సరిపోయింది. హాయిగా పాట కూడా పాడేస్తున్నారా, కాస్త పెంచొచ్చు. మాటే రావట్లేదంటే తగ్గించండి.

3:30 – 4:15 గోడ పుష్-అప్, 45 సెకన్లు

గోడ దగ్గరికి రండి. అరచేతులు భుజాల ఎత్తులో, భుజాల కన్నా కాస్త ఎడంగా. అడుగున్నర వెనక్కి జరగండి. మోచేతులు మడిచి ఛాతీని గోడ దగ్గరికి తేండి, ఊపిరి వదులుతూ నెట్టండి.

అందరూ తప్పు చేసే చోటిది. మోచేతులు రెక్కల్లా పక్కలకి పోతే భుజం కీలు మీద ఒత్తిడి. వాటిని కిందికి, ఏటవాలుగా, పక్కటెముకలకీ భుజాల ఎత్తుకీ మధ్యలో ఉంచండి. తల నుంచి మడమ దాకా ఒకటే గీత. నడుం కిందికి వాలిపోతోందా? పొట్ట కొద్దిగా బిగించండి.

తేలిగ్గా ఉందనిపించేవాళ్లు వంటింటి గ్రానైట్ గట్టు మీద చేయండి, ముందు తడి తుడుచుకుని. అత్తయ్య గోడకి ఇంకాస్త దగ్గర నిలబడ్డారు చూడండి, అంతే, అదే తేలిక పద్ధతి. బావుంది, అలాగే. మూడు, రెండు, ఒకటి.

4:15 – 4:30 విశ్రాంతి

చేతులు విదిలించండి. గుక్కెడు నీళ్లు, గటగటా వద్దు. నిదానంగా మ్యాట్ మీద కూర్చుని, పక్కకి తిరిగి వెల్లకిలా పడుకోండి. మ్యాట్ లేకపోతే దుప్పటి మడతపెట్టి వేసుకోండి.

4:30 – 5:15 తుంటి పైకెత్తడం, 45 సెకన్లు

మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద. మడమలతో నేలని నొక్కి తుంటి పైకి... ఒక క్షణం ఆగి... కిందికి. భుజం నుంచి మోకాలి దాకా గీత తిన్నగా వస్తే చాలు, అంతకన్నా ఎత్తితే నడుం విల్లులా వంగిపోతుంది. పని తెలియాల్సింది పిరుదుల్లో. నడుంలో తెలుస్తోందంటే ఎత్తు తగ్గించండి.

తల అటూ ఇటూ తిప్పి నన్ను చూడొద్దు, మెడ పడుతుంది. పైకప్పు చూడండి, నా గొంతు వింటే చాలు. తొడ వెనక కండరం పట్టేస్తే దించేసి కాలు చాచండి, వదిలాక మళ్లీ కలవండి.

అత్తయ్య నేల మీదికి రాలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక్కో కాలు ముందుకి చాచి, మూడు లెక్కపెట్టి దించుతున్నారు. మోకాలి పైన ఉన్న కండరానికి అది మంచి పని.

5:15 – 5:25 విశ్రాంతి

మోకాళ్లు పొట్ట మీదికి తెచ్చుకోండి. పక్కకి తిరిగి, చేత్తో నెట్టుకుంటూ మోకాళ్ల మీదికి లేవండి.

5:25 – 6:10 ఎదురు చెయ్యి, ఎదురు కాలు, 45 సెకన్లు

చేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద. కుడిచెయ్యి ముందుకి, ఎడమకాలు వెనక్కి. చాచండి, ఎత్తు అక్కర్లేదు. రెండు లెక్కపెట్టి దించండి. ఇప్పుడు ఎడమచెయ్యి, కుడికాలు. నడుం మీద మంచినీళ్ల గ్లాసు పెట్టినట్టు కదలకుండా ఉండాలి.

ఊగుతున్నారా? కాలు ఒక్కటే చాచండి, చెయ్యి నేల మీదే ఉంచండి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు పిడికిలి బిగించి దాని మీద ఆనండి. మోకాలి కింద నేల గుచ్చుకుంటే టవల్ మడిచి పెట్టండి. చూపు నేల మీదే.

అత్తయ్య గోడ పట్టుకుని నిలబడి కాలు వెనక్కి చాస్తున్నారు. నడుం ముందుకి వంచకండి అత్తయ్యా. ఆ... అదీ.

6:10 – 6:35 లేవడం

ఇక్కడ తొందర అస్సలు వద్దు. నేల మీంచి గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఒక పాదం ముందు పెట్టండి, చెయ్యి తొడ మీద గానీ కుర్చీ మీద గానీ, అప్పుడు లేవండి. రెండుసార్లు ఊపిరి తీసుకోండి. సగం దాటేశాం.

6:35 – 7:15 కుర్చీ స్క్వాట్, రెండో విడత, 40 సెకన్లు

కండరం మండుతోందా? అది పని చేస్తున్నప్పటి మంట, ఆగగానే తగ్గిపోతుంది. కీలు లోపల పొడిచినట్టు ఉంటే, నరం లాగినట్టు కాల్లోకి పాకితే అది వేరు. అప్పుడు ఆపెయ్యాలి, ఇంకోటి చేద్దాంలే అనొద్దు. పళ్లు బిగించి నొప్పి భరించమని చెప్పే ట్రైనర్ మాట నేనైతే వినను.

ఈసారి ఇంకా నిదానం. మూడు లెక్కల్లో దిగి, ఒక లెక్కలో లేవండి. పూర్తిగా దిగలేకపోతే సగమే దిగండి. సగం స్క్వాట్ సరిగ్గా చేస్తే చాలు.

7:15 – 7:25 విశ్రాంతి

నడక. మోకాళ్లు విదిలించండి. అత్తయ్యా, బాగానే ఉందా?

అత్తయ్య: బాగానే ఉంది కానీ ఆ ఫ్యాను కొంచెం పెంచు.

(ట్రైనర్ ఫ్యాను రెగ్యులేటర్ తిప్పి వస్తుంది. ఇది కట్ చెయ్యొద్దు.)

7:25 – 8:05 గోడ పుష్-అప్, రెండో విడత, 40 సెకన్లు

మళ్లీ గోడ. మోచేతులు ఎక్కడున్నాయో చూసుకోండి. భుజాలు చెవుల దాకా ఎక్కిపోతుంటే దించండి. ఊపిరి వదులుతూ నెట్టండి. మొదటి విడతలో పది చేసి ఇప్పుడు ఆరే వస్తే పర్లేదు, ఆరూ శుభ్రంగా రావాలి. మధ్యలో ఆగితే ఆగండి, మళ్లీ అందుకోండి. మే నెల మధ్యాహ్నం ఈ వీడియో పెట్టుకున్నవాళ్లు మరీ ముఖ్యంగా. అసలు ఆ ఎండాకాలం పొద్దున ఏడు లోపే కానిచ్చేయండి.

8:05 – 8:15 విశ్రాంతి

చేతులు వదిలేయండి. ఇంకొక్కటే ఉంది.

8:15 – 8:45 చురుకు నడక, 30 సెకన్లు

ఉన్నచోటే, మోకాళ్లు కాస్త ఎత్తి. ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉండాలి. వెనక్కి వాలకండి. అత్తయ్య కుర్చీలో కూర్చునే మోకాళ్లు ఎత్తుతున్నారు. పది సెకన్లే... ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. వేగం తగ్గించండి, టక్కున ఆపకండి.

8:45 – 9:15 పిక్కలు, ఒక్కో కాలికి 15 సెకన్లు

గోడ మీద చేతులు. ఒక కాలు వెనక్కి, మోకాలు తిన్నగా, మడమ నేలకి ఆనించి ముందుకి వాలండి. లాగుతోందని తెలిస్తే అక్కడే ఉండండి. ఊపొద్దు, గుంజొద్దు. కాలు మార్చండి.

9:15 – 9:35 ఛాతీ

చేతులు వెనక్కి తెచ్చి నడుం మీద పెట్టండి. మోచేతులు ఒకదానికొకటి దగ్గరగా, ఛాతీ ముందుకి. తల వెనక్కి వేలాడెయ్యకండి.

9:35 – 10:00 ఊపిరి

కుర్చీలో గానీ నిలబడి గానీ, ముక్కుతో లోపలికి... నోటితో నిదానంగా బయటికి. ఇంకోసారి.

రేపు తొడలు కాస్త పట్టేసినట్టుంటే కంగారు పడకండి, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. రేపు మామూలు నడక చాలు, ఇది ఎల్లుండి చేద్దాం. కీలు వాచినా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా డాక్టర్‌కి చూపించుకోండి. ఉంటానండీ.

అత్తయ్య: అయిపోయిందా? నేనింకా కాళ్లు ఎత్తుదామనుకుంటున్నా.