వీధి జంతువుల మీద ప్రాజెక్ట్ టాపిక్స్ – 9వ తరగతి, సంక్రాంతి సెలవులకి

పిల్లలూ, ఈసారి బయాలజీ ప్రాజెక్ట్‌కి నెట్‌లోంచి బొమ్మలు ప్రింట్ తీసి చార్ట్ మీద అంటించి తీసుకురావద్దు. మీ వీధిలో తిరిగే కుక్కలు, ఆవులు, పిల్లులు ఎట్లా బతుకుతున్నాయో మీరే చూసి రాయాలి. జంతువుల మీద ప్రేమ అంటే దగ్గరికెళ్లి నిమరడమే అనుకుంటాం కానీ, వాటికి ఏం ఇబ్బంది ఉందో ఓపిగ్గా చూసి లెక్కలతో రాసిపెట్టేవాళ్లు చాలా తక్కువ, మున్సిపాలిటీ వాళ్లకైనా, డాక్టర్లకైనా పనికొచ్చేది ఆ లెక్కలే, దానికోసం ఒక్క జంతువుని కూడా ముట్టుకోనక్కర్లేదు.

టాపిక్స్ కంటే ముందు రూల్స్, ఇవి మీ అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి. మీ డాబా, బాల్కనీ, కిటికీ, లేదంటే గేటు లోపల, చూసేది అక్కడి నుంచే. రోడ్డు మీదికి వెళ్లాల్సి వస్తే పెద్దవాళ్లు తోడుండాలి, జంతువుకి కనీసం 30 అడుగుల దూరం ఉండాలి. తిండి పెట్టొద్దు, పిలవొద్దు, రాయి విసరొద్దు, ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీసుకోండి, ఫ్లాష్ వద్దు. కుక్క మీవైపు వస్తే పరిగెత్తకండి, దాని కళ్లలోకి చూడకండి, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడితే చాలాసార్లు వాసన చూసి అదే వెళ్లిపోతుంది. ఒకవేళ కరిచినా, గోరు గీరినా, తిడతారేమోనని దాచకండి, వెంటనే ఇంట్లో చెప్పి కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం, టైంకి టీకాలు వేయించుకుంటే మాత్రం ఆపొచ్చు.

ఇప్పుడు టాపిక్స్. ఒక్కొక్కరు ఒకటే తీసుకోండి, ఒకే వీధిలో ఉండేవాళ్లు ఇద్దరు కలిసి చేసినా పర్లేదు.

మొదటిది, మా వీధిలో ఎన్ని కుక్కలున్నాయి? వినడానికి ఈజీగా ఉంటుంది కానీ అవి ఒకచోట ఉండవు కదా, లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెడతాం. అందుకే ఒకరోజు పొద్దున 6:30కి డాబా మీంచి కనిపించినవాటన్నిటికీ ఫొటోలు తీసి, మచ్చలు, తోక, చెవులు చూసి గుర్తుపట్టేలా ఒక్కోదానికి నంబర్ ఇవ్వండి. రెండు రోజులాగి అదే టైంకి అదే చోటునుంచి మళ్లీ చూడండి. మొదటిరోజు చూసినవి M, రెండోరోజు చూసినవి C, రెండు రోజులూ కనిపించినవి R అనుకుంటే మొత్తం N = M × C / R. ఉదాహరణకి మొదటిరోజు 12, రెండోరోజు 10, అందులో 6 పాతవే అయితే సుమారు 20 ఉన్నట్టు. పెద్ద పులుల్ని లెక్కపెట్టడానికి ఒంటి చారల ఫొటోలతో చేసే పని కూడా ఇదే పద్ధతి మీద మొదలైంది.

దీనికి ఆనుకునే రెండోది, చెవి కత్తిరింపు. కొన్ని కుక్కల చెవి చివర చిన్న ముక్క తీసేసి ఉంటుంది చూశారా, అది దెబ్బ కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. 2023 యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ ప్రకారం పట్టుకున్న కుక్కకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ అదే ఏరియాలో వదలాలి. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం అక్కడే తిరిగి వదలొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వీధిలో ఎన్నింటికి గుర్తు ఉంది, ఎన్నింటికి లేదు, శాతం ఎంత? రేబిస్ ఆగాలంటే కనీసం 70 శాతం కుక్కలకి టీకా అంది ఉండాలంటారు, మీకొచ్చిన శాతాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ఒక్క జాగ్రత్త, టీకా మళ్లీ మళ్లీ వేయాల్సి ఉంటుంది కాబట్టి చెవి గుర్తు ఉన్నంత మాత్రాన ఇప్పటికీ రక్షణ ఉందని రాయకూడదు, ఈ తేడా రాసినవాళ్లకి నేను ఎక్కువ మార్కులు వేస్తా.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, తల్లీ పిల్లలూ. చిత్త కార్తెలో, అంటే అక్టోబర్ మధ్యలో, కుక్కలు జతకడతాయని మన ఊళ్లల్లో అంటారు కదా, కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు, లెక్క వేస్తే డిసెంబర్ రెండో సగం వస్తుంది, అందుకే ఇప్పుడు ఎక్కడ చూసినా కూనలే. వణికించే చలిలో తల్లి వాటిని ఎక్కడ పెట్టింది, ఇసుక కుప్పలోనా, కారు కిందనా, సగం కట్టిన ఇంట్లోనా, రోజుకి ఎన్నిసార్లు వదిలి వెళ్తోంది, ఎవరొస్తే మొరుగుతోంది, కూనలు ఏ వారం నుంచి బయటికి నడుస్తున్నాయి, అరగంట కూర్చుని ప్రతి 5 నిమిషాలకి ఒకసారి ఆ క్షణంలో ఏం చేస్తున్నాయో రాసుకోండి. పాలిచ్చే తల్లి చాలా కోపంగా ఉంటుంది కాబట్టి ఇది డాబా మీంచే, కిందికి దిగేది లేదు. కూనల్ని ఇంటికి తెచ్చుకోవద్దు, ఎంత ముద్దొచ్చినా సరే, పాలు తాగే వయసులో తల్లి నుంచి విడదీస్తే బతకడం కష్టం.

కుమార్‌పల్లి మార్కెట్ వైపు ఉండేవాళ్లకి చెత్త, ఆవులు అనే టాపిక్ బాగుంటుంది. చెత్త బండి ఎన్నింటికి వస్తోంది, అది రాకముందు కుప్ప దగ్గర ఎన్ని ఆవులున్నాయి, వచ్చాక ఎన్ని, కవర్ ముడి విప్పకుండానే మింగేస్తున్నవి ఎన్ని. ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయని ఏడో తరగతిలోనే చదివారు, మొదటి పెద్ద గదిలో ప్లాస్టిక్ అరగకుండా, బయటికి పోకుండా ఏళ్ల తరబడి పేరుకుపోతుంది, కడుపు నిండినట్టు కనిపిస్తూనే ఆవు చిక్కిపోతుంది. తడి చెత్తని కవర్లో ముడేసి పడేసే ఇళ్లు మీ లైన్లో ఎన్నో కూడా లెక్కపెట్టండి, ఎవరి ఇల్లో పేర్లు మాత్రం రాయొద్దు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద యజమాని లేని పశువులు 50 లక్షలు, వీధి కుక్కలు 1.53 కోట్లు అని తేలింది, రిపోర్ట్‌లో ఈ అంకెలు వాడుకోవచ్చు.

రాత్రి రోడ్డు మీద పడుకునే పశువుల గురించి చేద్దామనుకునేవాళ్లు కిటికీలోంచే చూడాలి. ఏ మలుపులో పడుకుంటున్నాయి, అక్కడ లైటు వెలుగుతుందా, వాటి మెడకి రేడియం బెల్టు ఉందా అని మ్యాప్ గీసి, చివర్లో మున్సిపల్ కమిషనర్ గారికి ఒక పేజీ లెటర్ రాయండి, మంచిగా ఉన్నవి స్కూల్ తరఫున పంపిద్దాం. చూడటానికి వీలు కానివాళ్లు ఇంటర్వ్యూ చేయండి, చికెన్ సెంటర్ అన్న, పాలు పోసే తాత, వాచ్‌మెన్ వీళ్లకి మీ వీధి జంతువుల చరిత్ర మొత్తం తెలుసు.

పండక్కి గాలిపటాల మాంజాకి చిక్కి తీగల మీద వేలాడుతూ పక్షి కనిపిస్తే మీరు ఎక్కొద్దు, పెద్దవాళ్లకి చెప్పండి. దెబ్బ తగిలిన పశువు కనిపిస్తే ఇంట్లో చెప్పి 1962కి ఫోన్ చేయించండి.

నోట్‌బుక్‌లో తేదీ, టైం, చోటు, వాతావరణం రాసి ఉండాలి. ఏమీ కనిపించని రోజు కూడా "కనిపించలేదు" అని రాయండి, అంకెలు కల్పించొద్దు. 8 పేజీలు చాలు, జనవరి 22 కల్లా నాకు ఇవ్వాలి. ఎవరు ఏ టాపిక్ తీసుకున్నారో శనివారం లోపు క్లాస్ లీడర్‌కి పేరు రాయించండి.