మూడు గమన నియమాలు: తొమ్మిదో తరగతి మిడ్-టర్మ్ ప్రశ్నపత్రం

భౌతిక శాస్త్రం, తెలుగు మాధ్యమం, హైదరాబాద్
సమయం: 1 గంట 30 నిమిషాలు
మార్కులు: 40

రాసే ముందు

ఈ పేపర్లో న్యూటన్ నియమాలను అప్పజెప్పమని ఎక్కడా అడగలేదు. అవి మీకు వచ్చనే నమ్మకంతోనే ప్రశ్నలు తయారు చేశాం. రోజూ మీ కళ్ల ముందు జరిగే పనుల్లో ఏ వస్తువు దేనిపై బలం చూపుతోందో మీరు గుర్తుపట్టగలరా అన్నదే ఇక్కడ చూస్తాం. కాబట్టి "బలం పనిచేస్తుంది" అని ఊరికే రాయకండి. "రోడ్డు టైరుపై", "తాడు విగ్రహంపై" అని తేల్చి రాయండి. "జడత్వం వల్ల" అనే మాటతోనే ముగిసిపోయే జవాబుకు సగం మార్కులే పడతాయి. బొమ్మ అందంగా లేకపోయినా పర్వాలేదు, బాణం గుర్తుల దిశ మాత్రం సరిగ్గా ఉండాలి. లెక్కల్లో g = 10 m/s² తీసుకోండి. టెన్షన్ పడకుండా ముందు పేపరంతా ఒకసారి చదువుకోండి.

మొదటి భాగం (6 × 1 = 6)
అన్నింటికీ జవాబు రాయాలి. ఒక్కో వాక్యం చాలు.

1. మియాపూర్ వెళ్లే మెట్రో రైలు తిన్నని పట్టాలపై వేగం మారకుండా పోతోంది. రైలుపై ఫలిత బలం ఎంత?

2. అదే రైలు, అంతే వేగంతో ఒక మలుపు తిరుగుతోంది. ఇప్పుడు కూడా మీ జవాబు అదేనా? ఎందుకు?

3. 20 లీటర్ల వాటర్ క్యాన్లు రెండున్నాయి, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. దేని జడత్వం ఎక్కువ? దేన్ని బట్టి చెప్పారు?

4. సంక్రాంతి రోజు మేడ మీద నుంచి ఎగరేసిన గాలిపటం కాసేపు ఉన్నచోటే నిలబడింది. దానిపై ఏవేవి బలం చూపుతున్నాయి?

5. ద్రవ్యవేగాన్ని న్యూటన్-సెకన్లలో చెప్పవచ్చా?

6. మీరు కుర్చీలో కూర్చున్నారు. భూమి మిమ్మల్ని కిందికి లాగుతోంది. ఆ బలానికి ప్రతిచర్య ఏ వస్తువుపై పనిచేస్తుంది?

రెండో భాగం (5 × 2 = 10)
అన్నింటికీ జవాబు రాయాలి. మూడు నాలుగు వాక్యాలు దాటనవసరం లేదు.

7. స్టాపులో ఆగిన సిటీ బస్సు ఒక్కసారిగా కదిలింది. నిలబడ్డ ఒక తాత వెనక్కి తూలి, "ఎవరో నెట్టినట్టే అయింది బిడ్డా" అన్నాడు. ఆయన్ని నిజంగా వెనక్కి నెట్టిన బలం ఏదైనా ఉందా? ఆయన పాదాలకు ఏమైంది, పైశరీరానికి ఏమైంది? విడివిడిగా రాయండి.

8. తీగ మీద ఆరేసిన దుప్పటిని కర్రతో కొడితే దుమ్ము రాలుతుంది. ఆ క్షణంలో కదిలింది ఏది, ఉన్నచోటే ఉండాలని చూసింది ఏది?

9. ఉప్పల్ స్టేడియంలో ఫీల్డర్ వేగంగా వచ్చిన బంతిని పడుతూ చేతుల్ని వెనక్కి తీసుకున్నాడు. ఇలా చేయడం వల్ల బంతి ద్రవ్యవేగంలో మార్పు తగ్గిందా, ఆ మార్పుకు పట్టిన సమయం పెరిగిందా, రెండూ జరిగాయా? చేతులకు తగిలే బలం ఎలా మారింది?

10. వానకు తడిసిన నున్నటి మెట్ల మీద మనం అడుగు తీసి అడుగు వేస్తాం. నడిచేటప్పుడు మనల్ని ముందుకు నెట్టే బలం మన కాలిదా, నేలదా? మెట్లు తడిస్తే ఆ బలానికి ఏమవుతుంది?

11. హెల్మెట్‌కు బయట గట్టి పెంకు ఉన్నా లోపల థర్మకోల్ లాంటి మెత్తటి పొర ఎందుకు పెడతారు? హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ బిగించకపోతే, బండి దేనికైనా గుద్దుకుని ఆగిన క్షణంలో హెల్మెట్‌కు ఏమవుతుంది? (ఈ జవాబు ఇంట్లో బండి నడిపేవాళ్లకు కూడా చెప్పండి.)

మూడో భాగం (4 × 4 = 16)
అన్నింటికీ జవాబు రాయాలి.

12. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహాన్ని ఒకే రాతిలో చెక్కారు. 1992లో దాన్ని అక్కడ నిలబెట్టారు. ఒక విద్యార్థిని ఇలా రాసింది: "విగ్రహాన్ని భూమి కిందికి లాగుతుంది, పీఠం పైకి నెడుతుంది. రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. కాబట్టి ఇవి చర్య, ప్రతిచర్యలు."
అ) ఆ రెండు బలాలు సమానమన్నది నిజమే. ఆ మాట ఏ నియమం వల్ల తేలుతుంది?
ఆ) అయినా అవి చర్య-ప్రతిచర్యల జంట ఎందుకు కావు?
ఇ) ఆ రెండు బలాల్లో ఒక్కోదానికి అసలు ప్రతిచర్య ఏది?

13. మోండా మార్కెట్ దగ్గర అన్నదమ్ములిద్దరు కూరగాయల తోపుడు బండిని తోస్తున్నారు.
తమ్ముడు: "అన్నా, మనం బండిని ఎంత బలంతో తోస్తే అదీ మనల్ని అంతే బలంతో వెనక్కి తోస్తదని సార్ చెప్పిండు. రెండూ కొట్టేసుకుంటే బండి కదలనే కూడదు గదా!"
అన్న: "మన బలం కొంచెం ఎక్కువుంటదిరా, అందుకే కదులుతది."
ఇద్దరూ పొరబడ్డారు. తమ్ముడి మాటలో తప్పేమిటి? అన్న మాటలో తప్పేమిటి? బండిపై పనిచేసే బలాలకు ఒక బొమ్మ, అన్నపై పనిచేసే బలాలకు ఇంకో బొమ్మ గీయండి. రెండింటినీ ఒకే బొమ్మలో కలిపితే జవాబు అక్కడే చిక్కుపడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో రోడ్డు పాత్ర ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి.

14. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద క్రేన్ 2000 కిలోల విగ్రహాన్ని లేపుతోంది.
అ) విగ్రహం గాలిలో కదలకుండా వేలాడుతున్నప్పుడు తాడులో తన్యత ఎంత?
ఆ) వేగం మారకుండా పైకి వెళ్తుంటే ఆ తన్యత పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? కారణం రాయండి.
ఇ) 0.5 m/s² త్వరణంతో పైకి కదలడం మొదలుపెట్టినప్పుడు తన్యత ఎంత?
ఈ) "ఒక్క ఉదుటున లేపొద్దు, మెల్లగా లేపు" అని కింద ఉన్నవాళ్లు ఆపరేటర్‌కు ఎందుకు చెబుతారు?

15. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్‌ను 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. ఆ వీడియో చూసి ఒక మిత్రుడు, "మంట నేలను తన్నడం వల్లే రాకెట్ లేచింది. గాలి కూడా లేని చోట దేన్నీ తన్నలేదు కాబట్టి అక్కడ పనిచేయదు" అన్నాడు. రాకెట్ నిజంగా దేన్ని నెడుతోంది, దాన్ని నెడుతున్నది ఏది? మూతి కట్టకుండా వదిలేసిన బుడగతో పోల్చి అతనికి అర్థమయ్యేలా రాయండి.

నాలుగో భాగం (1 × 8 = 8)
ఏదైనా ఒకటి రాయండి.

16. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న 400 కిలోల ఆటోను వెనక నుంచి 8000 కిలోల లారీ తగిలింది. 0.2 సెకన్లలో ఆటో వేగం సున్నా నుంచి 3 m/s కు చేరింది. రోడ్డు ఘర్షణను వదిలేయండి.
అ) ఆటోపై పడిన సగటు బలం ఎంత? (2)
ఆ) లారీపై ఆటో చూపిన బలం ఎంత, ఏ దిశలో? (1)
ఇ) లారీ వేగం ఎంత తగ్గింది? (2)
ఈ) చుట్టూ చేరినవాళ్లు, "లారీకి ఏం కాలే, దెబ్బంతా ఆటోకే" అన్నారు. వాళ్లు చూసింది నిజమే. బలాలు సమానమైనప్పుడు అలా ఎందుకు జరిగింది? ఆటోలో కూర్చున్నవారి తల ఎటు ఊగుతుంది? (3)

లేదా

17. అద్దాలన్నీ మూసిన కారులో ముందు అద్దం దగ్గర దారానికి ఒక బొమ్మ వేలాడుతోంది. వెనక సీటులో పాప చేతిలో దారం కట్టిన హీలియం బెలూన్ ఉంది. కారు తిన్నగా పోతూ సడన్‌గా బ్రేక్ వేసింది.
అ) బొమ్మ ఎటు ఊగుతుంది? ఎందుకు? (2)
ఆ) బెలూన్ ఎటు ఒరుగుతుంది? (2)
ఇ) రెండింటికీ తేడా ఎందుకు వచ్చింది? కారులోని గాలికి కూడా ద్రవ్యరాశి ఉందని, దానికీ జడత్వం ఉందని గుర్తుంచుకుని వివరించండి. నీళ్లు నింపి చిన్న గాలి బుడగ మాత్రం మిగిల్చి, మూత బిగించిన సీసాను బల్లపై పడుకోబెట్టి జరిపి చూసినవాళ్లు ఆ అనుభవాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. (4)