మాధవి, 31 ఏళ్లు, చీరాల: ఉన్నది ఉన్నట్టుగా నా పరిచయం

పుట్టింది 1994 నవంబరు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, చామనఛాయ, కళ్లద్దాలు ఉన్నాయి. చదువు బి.కాం., ఎం.కాం. ప్రభుత్వరంగ బ్యాంకులో ఆఫీసరుగా 2018 నుంచి ఉద్యోగం, ప్రస్తుతం హైదరాబాదు. సొంతూరు చీరాల, పాత ప్రకాశం జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా. పద్మశాలి, వశిష్ఠ గోత్రం. ఆశ్లేష నక్షత్రం, కర్కాటక రాశి. ఇంటిపేరు, పుట్టిన తేదీ, వేళ జాతకంతో పాటు పంపుతాము.

ఈ పరిచయం నేనే రాశాను. నాన్న ప్రతి వాక్యమూ చదివారు, అమ్మ రెండు చోట్ల మార్పించింది. ఏది వారి కోరికో, ఏది నా కోరికో విడివిడిగా చెప్పాను. ఇలా రాయడానికి ఒక కారణం ఉంది, అది ముందే చెప్పడం మంచిది.

2021లో నాకు ఒక సంబంధం కుదిరి నిశ్చయ తాంబూలాల వరకు వెళ్లింది. అప్పటి ప్రొఫైల్ మా బాబాయి రాశారు. అందులో ‘పెళ్లి తర్వాత ఉద్యోగం పెద్దల ఇష్టం’ అనే మాట ఉంది. అది మర్యాదకు రాసిన మాట అని మేము అనుకున్నాము. అబ్బాయి వాళ్లు దాన్ని ఉద్యోగం మానేస్తుందనే అర్థంలో తీసుకున్నారు. ముహూర్తం పెట్టుకునే సమయంలో రాజీనామా ఎప్పుడిస్తావని అడిగారు. ఇవ్వనన్నాను. ఇరువైపులా బాధపడ్డారు, తాంబూలాలు వెనక్కి ఇచ్చుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ ఒక్క వాక్యం సరిగా రాసి ఉంటే రెండు కుటుంబాలకూ ఆ అవస్థ తప్పేది. అబ్బాయితో నాలుగుసార్లు ఫోనులో మాట్లాడాను, అంతకు మించి పరిచయం లేదు. ఎవరి ద్వారానో తెలియడం కంటే నా నోటి ద్వారా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

నాన్నకు 62 ఏళ్లు. ఆయన నేతగాడు. మా ఇంటి ముందు గదిలో గుంట మగ్గం మీద కుప్పడం చీరలు నేసి మా ఇద్దరు అక్కాచెల్లెళ్లను చదివించారు. అమ్మ ఇంటిపని ముగించుకుని రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. బడి నుంచి రాగానే నేనూ చుట్టేదాన్ని. వాన గట్టిగా పడితే మగ్గం గుంటలోకి నీళ్లు ఊరేవి. చెంబుతో తోడిపోసి, ఆరేదాకా పని ఆపుకుని కూర్చునేవాళ్లం, ఆ వారం మజూరీ తగ్గేది. ఆ గది నేల ఎత్తు చేయించాలన్నది నా చిన్ననాటి పట్టుదల. 2022లో బ్యాంకు నుంచి 22 లక్షల రుణం తీసుకుని ఇల్లు కట్టించాను. నెల వాయిదా దాదాపు 21,600 రూపాయలు, 2037 వరకు కట్టాలి. ఇల్లు నాన్న పేరు మీద ఉంది, రుణంలో నేను ఉన్నాను. నాన్నకు మోకాళ్ల నొప్పుల వల్ల ఇప్పుడు నేత లేదు. మగ్గం మాత్రం అలాగే ఉంది.

నాకు చేతికొచ్చే జీతం సుమారు 80 వేలు. అందులో వాయిదా పోగా ప్రతి నెలా 12 వేలు ఇంటికి పంపుతాను. అక్కకు పెళ్లయి మంగళగిరిలో ఉంది. మాకు అన్నదమ్ములు లేరు. అమ్మానాన్నలను చూసుకునే బాధ్యత అక్కదీ నాదీ. పెళ్లయ్యాక ఈ వాయిదా, ఈ 12 వేలు ఆగవు. ఇల్లరికం అడగడం లేదు. అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేనప్పుడు నెల రోజులు మా ఇంట్లో ఉంచుకుంటే అబ్బాయి ముఖం చిట్లించకూడదు. వాళ్ల అమ్మానాన్నల విషయంలో నా వైపు నుంచీ అదే మాట ఇస్తున్నాను.

ఉద్యోగం మానను. ఇది నాది, నాన్న పూర్తిగా నా వైపే ఉన్నారు. మా ఉద్యోగంలో బదిలీలు తప్పవు, సాధారణంగా మూడేళ్లకోసారి ఊరు మారాలి. ప్రమోషన్ వస్తే రాష్ట్రం కూడా మారవచ్చు. నా మొదటి పోస్టింగ్ ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు. వెళ్లేటప్పుడు ఏడ్చుకుంటూ వెళ్లాను. పొదుపు సంఘాల మహిళలు కౌంటరు దగ్గరకు వచ్చి ‘రామ్ రామ్’ అని పలకరిస్తుంటే రెండేళ్లు తెలియకుండానే గడిచాయి. వాళ్ల దగ్గర నేర్చుకున్న కొన్ని గోండీ మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. హైదరాబాదుకు 2023లో వచ్చాను కనుక త్వరలో మళ్లీ బదిలీ రావచ్చు. భార్యాభర్తలను ఒకే చోట ఉంచమని దరఖాస్తు చేసుకోవచ్చు, అన్నిసార్లూ దొరకదు. కొన్ని నెలలు రెండు ఊళ్లలో ఉండాల్సి వస్తే తట్టుకోగల సంబంధం కావాలి. నెలంతా వేరుగా ఉండి పండక్కి కలిసే కాపురం మాత్రం నాకు వద్దు.

విదేశాల్లో ఉన్నవారు క్షమించాలి. అమ్మకు అమెరికా సంబంధం మీద మనసు ఉండేది. ఉద్యోగం వదిలి, అమ్మానాన్నలను వదిలి వెళ్లలేనని నేను చెప్పాక ఒప్పుకుంది. ఒప్పుకుందే గానీ ఇంకా దిగులు పోలేదు.

జాతకం చూడాలన్నది అమ్మానాన్నల కోరిక. పొంతనలో 36కి 18 వస్తే చాలంటారు అమ్మ. వారి నమ్మకాన్ని గౌరవిస్తాను కనుక ఇందులో నాకు అభ్యంతరం లేదు. కానీ నాది ఆశ్లేష నక్షత్రం. అత్తగారికి గండమని చెప్పి ఇప్పటికి ఎన్నో సంబంధాలు ఫోనులోనే వెనక్కి వెళ్లాయి. పుట్టిన వేళను కొన్ని గంటలు ముందుగా చూపి పుష్యమి అని రాయించమని తెలిసినవారు ఒకరు సలహా ఇచ్చారు. అమ్మ ఆ రోజు ఆసుపత్రి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, ‘దీన్ని మార్చి పిల్లను పంపిస్తే రేపు వాళ్లింట్లో ఎవరికి జ్వరం వచ్చినా నా గుండె ఆగిపోతుంది’ అంది. అందుకే నక్షత్రం పైన మొదటి పేరాలోనే రాశాము. తల్లి లేని అబ్బాయిని చూడమని కూడా కొందరు అన్నారు. ఆ మాట వినడానికే బాధగా ఉంటుంది. అత్తగారు ఉన్న ఇంటికి వెళ్లాలని, ఆవిడ చేతి వంట తినాలని, ఆవిడతో గుడికి వెళ్లాలని నాకు ఉంది. ఈ నక్షత్రం మీకు పట్టింపు అయితే మొహమాటం లేకుండా వదిలేయండి, మేము ఏమీ అనుకోము.

కులం గురించి మా ఇంట్లో ఏడాది పాటు మాటలు జరిగాయి. నాకు పట్టింపు లేదు. నాన్నకు ఉంది. పద్మశాలి సంబంధమే కావాలనే దగ్గర మొదలై, దేవాంగ మొదలైన చేనేత కులాలు ఏవైనా సరే అనే దగ్గరకు ఆయన వచ్చారు. ఆ వయసులో అంత దూరం రావడం నాకు చిన్న విషయం కాదు. ఇతర కులాల వారు రాస్తే తప్పకుండా చదువుతాను, నాన్నతో మాట్లాడతాను. ఆయన ఒప్పుకుంటారని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను, ఆయనను కాదని చేసుకోను. ఇది తెలిసి రాయండి.

విడాకులు తీసుకున్నవారైనా నాకు అభ్యంతరం లేదు. కోర్టు తీర్పు వచ్చి ఉండాలన్నది నాన్న షరతు, అది న్యాయమే.

కట్నం ఇవ్వము. 1961 చట్టం ప్రకారం నేరమని ఎలాగూ అందరికీ తెలుసు. ‘మాకేమీ వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అనే పద్ధతిలో కూడా అడగవద్దని మనవి. నా జీతంతో కొనుక్కున్న 15 కాసుల బంగారం ఉంది, అది నాది. పెళ్లి చీరాలలో జరగాలని అమ్మ ఆశ. ఖర్చు ఇరువైపులా సగం సగం పెట్టుకుందాము. ఆడపడుచుకు బట్టలు, తాంబూలం వంటివి నాన్న తన మర్యాద కోసం పెడతారు, ఆ ఒక్కదానికి నేను అడ్డు చెప్పలేదు. మధుపర్కాలు మాత్రం బజారులో కొనేది లేదంటున్నారు. మోకాళ్లకు కట్టు కట్టుకుని అయినా గుంటలో దిగి తానే నేస్తారట. తెల్ల నూలు, ఎర్రంచు. నూలు తెచ్చి బీరువాలో పెట్టి రెండేళ్లయింది.

ఆరోగ్యం: థైరాయిడ్ ఉంది, రోజూ ఉదయం పరగడుపున 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. అదుపులో ఉంది, రిపోర్టులు అడిగితే చూపిస్తాను. ఇది రాయవద్దని అమ్మ చాలా అంది. రోజూ ఉదయాన్నే ఒకే ఇంట్లో దాచిపెట్టి మింగడం నా వల్ల కాదన్నాను, ఊరుకుంది. వేరే ఇబ్బందులు లేవు.

పాత ప్రొఫైల్‌లో ‘గృహకార్యాలలో నేర్పరి’ అని ఉండేది. నిజం చెప్పాలంటే నాకు వంట వచ్చు, ఆదివారం తీరిగ్గా గోంగూర రొయ్యలు వండటం ఇష్టం. పని రోజుల్లో బ్యాంకు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు అన్నం వండి పెట్టిన మనిషి ఇంట్లో ఉంటే బాగుంటుంది. అబ్బాయికి వంట రాకపోయినా పరవాలేదు, నేర్చుకుంటానంటే నేర్పుతాను. మాంసాహారం తింటాము, కార్తిక సోమవారాలు ఉపవాసం ఉంటాము.

వయసు 30 నుంచి 36 వరకు ఉంటే బాగుంటుంది. ప్రభుత్వోద్యోగమైతే నాన్నకు సంతోషం. టీచరైనా, సొంత దుకాణమైనా, ప్రైవేటు కంపెనీ అయినా నాకు ఒకటే, సంపాదన ఎంతో అప్పు ఎంతో దాపరికం లేకుండా చెప్పాలి. మద్యం అలవాటు ఉన్నవారు వద్దు. ఇందులో ఇంట్లో ముగ్గురిదీ ఒకే మాట. పిల్లలు కావాలి, ఎప్పుడన్నది ఇద్దరం కలిసి అనుకుందాము. కోపం వచ్చినప్పుడు రోజుల తరబడి మాట్లాడకుండా ఉండే స్వభావం నన్ను బాగా నలిపేస్తుంది. నాకు కోపం వస్తే అప్పుడే అనేసి, గంటలో నేనే వచ్చి మాట్లాడతాను. ఈ రెండు స్వభావాలు ఒకచోట ఇమడటం కష్టమని తెలిసి చెబుతున్నాను.

మూడు ఫోటోలు పెట్టాను. ఒకటి అక్క కొడుకు అన్నప్రాశనలో నాన్న నేసిన చీరలో, ఒకటి హైదరాబాదులో నేనుండే అద్దె ఇంట్లో, ఒకటి చీరాలలో అమ్మతో. మూడూ ఈ ఏడాది తీసినవే, రంగు దిద్దలేదు. అద్దాలు తీసి ఒకటైనా పెట్టమంది అమ్మ. అద్దాలు లేకుండా ఎదుటివారి ముఖమే నాకు కనిపించదు కనుక పెట్టలేదు.

నచ్చితే ముందుగా అబ్బాయి జాతకం, ఉద్యోగ వివరాలు, ఒక ఫోటో ఈ సైటు ద్వారా పంపండి. జాతకాలు కుదిరితే నాన్న మీ పెద్దలతో మాట్లాడతారు. ఆ తర్వాత, పెళ్లిచూపుల కంటే ముందు, అబ్బాయి నేను కనీసం రెండుసార్లు ఫోనులో మాట్లాడుకోవాలి. ఈ వరుసకు ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. పెళ్లిచూపులు చీరాలలో మా ఇంట్లోనే, అది అమ్మ మాట. నెలలో ఒక శనివారం రాత్రి రైలులో ఊరికి వెళతాను కాబట్టి ఆదివారం అయితే నాకు వీలు. నలుగురైదుగురు వస్తే కూర్చోవడానికి సౌకర్యంగా ఉంటుంది, ముందు గదిలో సగం ఇంకా మగ్గమే ఉంది.

వద్దనుకుంటే ‘వద్దు’ అని ఒక్క మాట రాయండి. జవాబు రాని రోజుల్లో నాన్న పూటకోసారి ఫోను చూసుకుంటున్నారు.