మెనూ కొత్త వివరణలు: అచ్చుకు ముందు మీరూ చెఫ్ గారూ చూడవలసిన ప్రతి

మేడమ్, మీరిచ్చిన పాత మెనూలో వంటకాలూ పానీయాలూ కలిపి 17 ఉన్నాయి. అందులో 'నోరూరించే' అన్న మాట 9 చోట్ల, 'అద్భుతమైన' 6 చోట్ల వచ్చింది. టమాటా సూపుకు నాలుగు పంక్తులున్నాయి, కాల్చిన చేపకు 'నేడు పట్టినది' అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. రెండు రోజులు మీ వంటగదిలో నిలబడి, ప్రతిదీ వండుతుండగా చూసి, తిన్నాక ఇవి రాశాను. మీ వంట నిజంగా బాగుంది. దాన్ని ఉన్నదున్నట్టు చెబితేనే ఆకలి పుడుతుంది కనుక విశేషణాలు తీసేసి, చేసిన పనిని రాశాను.

అన్నిటికీ ఒకటే వరుస. ముందు పేరు, తర్వాత ఏది ఎలా వండారో, తర్వాత నోటికి ఎలా తగులుతుందో, పక్కన ఏమి వస్తుందో. చివరి పంక్తిలో రకం, కారం, పడనివారు చూసుకోవలసిన పదార్థాలు. 'గమనిక' అని ఉన్నవి మీ ఇద్దరి కోసం, అచ్చులోకి వెళ్లవు.

సూపులు

టమాటా సూపు
టమాటాలను వెల్లుల్లితో, తులసి జాతి బేసిల్ ఆకులతో మగ్గించి మెత్తగా చేసి వడగట్టాం. పులుపు ముందు, కొద్ది తీపి తర్వాత. పైన ఒక చెంచా మీగడ, పక్కన వెన్న రాసి కాల్చిన రొట్టె ముక్క.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: పాలు, గోధుమ.

గమనిక: పాతదానిలో 'తోట నుంచి నేరుగా వచ్చిన తాజా టమాటాలు' అని ఉంది. మీరు వాడేవి డబ్బా టమాటాలు. అందులో తప్పేమీ లేదు. పండాక కోసి మూసినవి కనుకే మీ సూపు ఏ నెలలోనైనా ఒకే రుచిగా ఉంటోంది. తోట మాట మాత్రం తీసేశాను.

పుట్టగొడుగుల సూపు
పుట్టగొడుగులను నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వెన్నలో వేయించి, పాలతో ఉడికించాం. సగం మెత్తగా చేసి, సగం ముక్కలుగానే ఉంచాం. చిక్కగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. పక్కన కాల్చిన రొట్టె ముక్క.
రకం: శాకాహారం. కారం: కొద్దిగా. ఉన్నవి: పాలు, గోధుమ.

గమనిక: పాతదానిలో 'అడవి పుట్టగొడుగులు' అని చూసి మనసు నొచ్చుకుంది. వంటగదిలో ఉన్నవి పెంపకంలోని తెల్ల బటన్ పుట్టగొడుగులు. వాటిని వేయించిన తీరే ఈ సూపు బలం, అందుకే దాన్నే ముందు పెట్టాను.

ఉల్లి సూపు
సన్నగా తరిగిన ఉల్లిపాయలను 50 నిమిషాలు సన్నని సెగ మీద వేయించి, కోడి ఎముకలను కాచిన రసంలో ఉడికించాం. తీపీ ఉప్పూ కలిసిన లోతైన రుచి. పైన చీజ్ కరిగించిన రొట్టె ముక్క.
రకం: మాంసం. కారం: లేదు. ఉన్నవి: పాలు, గోధుమ.

గమనిక: దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాత మెనూలో ఇది 'ఉల్లి సూపు, ప్రత్యేకం' అని మాత్రమే ఉంది, పక్కన శాకాహారం గుర్తుంది. నేను చూసిన రోజు ఉల్లిపాయలు తెల్లగా మొదలై, తేనె రంగుకు తిరిగి, చివరికి ముదురు గోధుమ రంగుకు వచ్చేదాకా చెఫ్ గారు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. అడుగంటబోతుందనిపించినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లి గీకారు. అంత శ్రమను 'ప్రత్యేకం' అన్న ఒక్క మాట ఎలా మోస్తుంది? అందుకే 50 నిమిషాల సంగతి రాశాను. ఆ తర్వాత ఆయన గిన్నెలోకి వంపింది కోడి రసం. మాంసం ముట్టనివారు ఇన్నాళ్లూ ఆ గుర్తును నమ్మి దీన్ని తాగారు. శాకాహారంగానే ఉంచదలిస్తే కూరగాయల రసంతో చేయాలి. అలా మార్చేదాకా ఇది మాంసం కిందే ఉంటుంది.

ముందుగా తినేవి

కూరగాయల సలాడ్
దోసకాయ, టమాటా, లెట్యూస్, ఉడికించిన బీట్‌రూట్. మీరు అడిగాకే తరిగి, నిమ్మరసం, ఆలివ్ నూనె కలుపుతాం. కరకరలాడుతూ చల్లగా ఉంటుంది. పైన వేయించిన నువ్వులు.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: నువ్వులు.

పీత రుచి చేప కడ్డీల సలాడ్
తెల్లచేప గుజ్జుతో పీత రుచి వచ్చేలా చేసిన కడ్డీలను చీల్చి, దోసకాయ తురుముతో, మా వంటగదిలో చేసిన మయోనైజ్‌తో కలిపాం. మెత్తగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది. చల్లగా వడ్డిస్తాం.
రకం: చేప. కారం: లేదు. ఉన్నవి: చేప, పచ్చి గుడ్డు, గోధుమ, సోయా.

గమనిక: పాత పేరు 'పీత సలాడ్'. పీత మాంసం ఆశించి అడిగినవారికి ఇది వెళితే మోసపోయామనుకుంటారు. అదే మనిషి 'చేప కడ్డీల సలాడ్' అని చదివి అడిగితే ఇష్టంగా తింటారు. పేరులోనే నిజం చెప్పేయడం మేలు. మయోనైజ్‌లో పచ్చి గుడ్డు ఉందన్న సంగతి గర్భిణులకు, చిన్నపిల్లల తల్లిదండ్రులకు తెలియాలి.

వేయించిన బంగాళాదుంపలు
వేలెడంత ముక్కలుగా కోసి, రెండుసార్లు నూనెలో వేయించాం. పైన కరకర, లోపల మెత్తన. ఉప్పు, మిరియాల పొడి చల్లి, టమాటా సాస్‌తో ఇస్తాం.
రకం: శాకాహారం. కారం: కొద్దిగా. ఉన్నవి: ఏమీ లేవు.

వెల్లుల్లి రొట్టె
వెల్లుల్లి నూరి కలిపిన వెన్నను రొట్టె చీలికల్లో దట్టంగా రాసి, ఓవెన్‌లో కాల్చాం. అంచులు కరకరలాడతాయి, మధ్యలో వెన్న ఇంకి ఉంటుంది. నాలుగు ముక్కలు.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: పాలు, గోధుమ.

భోజనంగా తినేవి

కాల్చిన చేప
ముల్లు తీసిన తెల్లచేప ముక్కకు ఉప్పు, వెల్లుల్లి, నిమ్మతొక్క పట్టించి ఇనుప జాలి మీద కాల్చాం. పైన గీతలు గీతలుగా ఎర్రబడి, లోపల పొరలు పొరలుగా విడుతుంది. పక్కన ఉడికించిన కూరగాయలు, నిమ్మచెక్క.
రకం: చేప. కారం: లేదు. ఉన్నవి: చేప.

గమనిక: 'నేడు పట్టినది' తీసేశాను. చేప గడ్డకట్టించినదే వస్తోంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా కరిగిస్తున్నారు కాబట్టి నీరు కారడం లేదు, ముక్క చెదరడం లేదు. 'నిప్పుల మీద' అని కూడా రాయలేదు, మీది గ్యాస్ పొయ్యి. ఒక్క సన్న ముల్లు మిగిలి ఉండవచ్చని వడ్డించేవారు నోటితో చెప్పాలి.

ఓవెన్‌లో కాల్చిన కోడి
ఉప్పునీటిలో రాత్రంతా నానిన సగం కోడిని వెన్న, మిరియాలు రాసి ఓవెన్‌లో కాల్చాం. చర్మం పెళుసుగా, మాంసం రసం వదలకుండా ఉంటుంది. పక్కన కోడి కింద మగ్గిన బంగాళాదుంపలు. వండడానికి 35 నిమిషాలు పడుతుంది.
రకం: మాంసం. కారం: కొద్దిగా. ఉన్నవి: పాలు.

గమనిక: 35 నిమిషాల సంగతి దాచకండి. ముందే తెలిస్తే ఎదురుచూస్తారు, తెలియకపోతే పదిహేనో నిమిషానికే విసుక్కుంటారు.

గొర్రె మాంసం పులుసు
గొర్రె కాలి మాంసాన్ని ఎర్రగా వేయించి, క్యారట్, ఉల్లిపాయ, టమాటాలతో 3 గంటలు సన్నని సెగ మీద ఉడికించాం. చెంచాతో నొక్కితే ముక్క విడిపోతుంది. పులుసు చిక్కగా ఉంటుంది, అద్దుకోవడానికి పక్కన రొట్టె.
రకం: మాంసం. కారం: బాగా. ఉన్నవి: గోధుమ.

గమనిక: పాతదానిలో కారం గుర్తే లేదు. నేను రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

చిక్కుడు గింజల కూర
రాత్రంతా నానబెట్టిన ఎర్ర చిక్కుడు గింజలను బాగా మరిగించి ఉడికించి, టమాటా, వెల్లుల్లి, జీలకర్రతో మగ్గించాం. గింజ చితకదు, లోపల వెన్నలా ఉంటుంది. పక్కన తెల్లన్నం.
రకం: శాకాహారం. కారం: కొద్దిగా. ఉన్నవి: ఏమీ లేవు.

గమనిక: చేప, పాలు, గుడ్డు, గోధుమ, గింజపప్పులు ఏవీ పడనివారికి మీ మెనూలో కడుపు నిండే వంటకం ఇదొక్కటే. భోజనాల విభాగంలో దీన్ని మొదటికి జరపమని నా కోరిక.

పుట్టగొడుగుల పాస్తా, ట్రఫుల్ వాసన నూనెతో
పాస్తాను కాస్త పలుకుగా ఉడికించి, వేయించిన పుట్టగొడుగులు, మీగడ, చీజ్‌తో కలిపాం. దించాక కొన్ని చుక్కలు ట్రఫుల్ వాసన నూనె. మట్టి తడిసిన వాసనలాంటి పరిమళం, బరువైన భోజనం.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: పాలు, గోధుమ.

గమనిక: పాత పేరు 'ట్రఫుల్ పాస్తా'. సీసా మీది చీటీ చదివాను. ఆలివ్ నూనె, సువాసన ద్రవ్యం అని మాత్రమే ఉంది, ట్రఫుల్ ముక్క లేదు. ఆ చీజ్ తయారీలో పాలను గడ్డకట్టించడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడలేదని దాని పొట్లం మీద ఉంది కాబట్టే శాకాహారం అని ఉంచాను. చీజ్ మారిస్తే మళ్లీ పొట్లం చూడాలి.

తీపి

చాక్లెట్ కేక్
కోకో పొడి, వెన్న, గుడ్లతో చేసి, మధ్యలో కొద్దిగా తడిగా ఉండగానే దించాం. తీపి తక్కువ, కోకో చేదు తెలుస్తుంది. పైన విరిచిన అక్రోట్లు. గోరువెచ్చగా ఇస్తాం.
రకం: గుడ్డు. కారం: లేదు. ఉన్నవి: గుడ్డు, పాలు, గోధుమ, అక్రోట్లు.

గమనిక: 'బెల్జియం చాక్లెట్' అన్న మాటకు వంటగదిలో ఆధారం కనబడలేదు. ఆ చేదు చాలా బాగుంది, దాన్నే చెప్పాను.

పాల పుడింగు
పాలు, మీగడ, పంచదార కాచి, జెలటిన్‌తో గడ్డకట్టించాం. గిన్నె కదిపితే వణుకుతుంది, నాలుక మీద కరిగిపోతుంది. పైన ఉడికించిన స్ట్రాబెర్రీలు.
రకం: మాంసం. కారం: లేదు. ఉన్నవి: పాలు, జంతు జెలటిన్.

గమనిక: తీపి వంటకం పక్కన 'మాంసం' అని చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. కానీ జెలటిన్ వచ్చేది జంతువుల చర్మం, ఎముకల నుంచే. సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో చేస్తే శాకాహారమవుతుంది. అప్పుడు ఈ వణుకు పోయి కాస్త గట్టిగా తెగుతుంది కాబట్టి రెండో వాక్యం మార్చాలి. ఏది చేయాలో చెఫ్ గారు చెప్పాలి.

వెనీలా ఐస్‌క్రీమ్, కాచిన పంచదార పాకంతో
రెండు ముద్దల వెనీలా ఐస్‌క్రీమ్ మీద, మా వంటగదిలో ముదురు రంగు వచ్చేదాకా కాచిన పాకం, చిటికెడు ఉప్పు. చల్లదనం మీద వెచ్చదనం, తీపి మీద చిరుచేదు.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: పాలు.

గమనిక: ఐస్‌క్రీమ్ బయట కొన్నది కనుక 'ఇంట్లో చేసిన' అన్న మాట పాకం దగ్గరికి మార్చాను.

పానీయాలు

నారింజ రసం
మీరు అడిగాక పిండుతాం. పంచదార, నీళ్లు కలపం.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: ఏమీ లేవు.

నిమ్మ సోడా
నిమ్మరసం, సోడా. తీపి కావాలో ఉప్పు కావాలో చెప్పండి.
రకం: శాకాహారం. కారం: లేదు. ఉన్నవి: ఏమీ లేవు.

మెనూ చివరి పుట అడుగున అచ్చు వేయవలసిన వాక్యాలు:

"అన్ని వంటకాలూ ఒకే వంటగదిలో తయారవుతాయి. పాలు, గుడ్డు, గోధుమ, చేప, సోయా, నువ్వులు, అక్రోట్లు ఇక్కడ వాడతాం. వీటిలో ఏదైనా మీకు పడకపోతే అడిగే ముందే చెప్పండి, వండేవారినే కనుక్కుని జవాబిస్తాం."

అచ్చుకు మరో వారం పట్టవచ్చు. అప్పటిదాకా ఆగకుండా, ఇప్పుడు బల్లల మీద ఉన్న కార్డుల్లో ఉల్లి సూపు, పాల పుడింగు పక్కనున్న శాకాహారం గుర్తులను ఈ రాత్రి తలుపులు తెరిచేలోపే పెన్నుతో కొట్టేయించండి.