అక్షరాల సంత: పిల్లల తెలుగు ఆట

చిన్న వివరణ

ఎర్రగడ్డన్నా, ఉల్లిపాయన్నా ఒప్పే! సంతలో ఆడుతూ తెలుగు నేర్చుకోండి

ప్రచార వాక్యం (వేసవి)

సెలవుల్లో అవ్వ ఊరికి పోయే పిల్లలకు కొత్త సంత. చీనీకాయ, సీతాఫలం, దానిమ్మ. పేరు చదివితేనే సంచిలో పడుతుంది. నెట్ లేకున్నా ఆడొచ్చు. ప్రకటనలు లేవు.

పూర్తి వివరణ

"రెండు తెల్లగడ్డలు, అర కిలో ఎర్రగడ్డలు, పిడికెడు బుడ్డలు. తొందరగా ఇయ్యి నాయనా, ఎండెక్కుతాంది!"

సంత అవ్వ ఇట్లా అడిగిందంటే మీ పాప బుట్టల వరసలో వెతకాలి. బుట్టల మీద బొమ్మలుండవు, పేర్లే ఉంటాయి. సరిగ్గా చదివితే సరుకు అవ్వ సంచిలో పడుతుంది. తప్పు చదివి, పాయసం సరుకుకు బదులు వంకాయ ఇస్తే అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాయసంలోకి ఇది ఎందుకు బంగారూ?" అని నవ్వుతుంది. మార్కులు తగ్గవు, ఎర్ర గీత పడదు, టైమ్ అయిపోయిందని గంట మోగదు. మళ్లీ వెతుక్కోవచ్చు.

నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం చేసిన ఆట ఇది. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతూ, పుస్తకం తెరిస్తే మాత్రం తెలుగు చదవలేక తడబడే పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది. ఇంగ్లిష్ మీడియం బడుల్లో అలాంటి పిల్లలు ఎందరో మీకు తెలిసిందే.

మొదటి సంతలో అక్షరాలు గుర్తుపట్టడమే పని. పిల్లలు ఎక్కువగా తికమకపడే జతలు పక్కపక్క బుట్టల్లో కావాలనే పెట్టాం: మ-య, డ-ద, ప-ష, బ-భ. మామిడి అడిగితే "యామిడి" బుట్ట ముట్టుకున్న పిల్లకు, రెండు అక్షరాలూ పెద్దవై పక్కపక్కన నిలబడి తేడా ఎక్కడుందో చూపిస్తాయి. వేలితో దిద్దే పలక కూడా అక్కడే ఉంటుంది.

రెండో సంతలో తక్కెడ. ఒక పళ్లెంలో క, ఇంకో పళ్లెంలో గుడి పెడితే 'కి' తూగుతుంది. కొమ్ము పెడితే 'కు'. గుణింతాన్ని వరసగా అప్పజెప్పే పిల్లలు కూడా మధ్యలో ఆపి "కో ఏది?" అంటే మళ్లీ 'క' నుంచి మొదలుపెడతారు, గమనించారా? తక్కెడకు వరస ఉండదు. ఏ గుర్తు ఎప్పుడు అడుగుతుందో తెలియదు.

మూడోది వత్తుల వీధి. ఈ ఆటలో మాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాం. వత్తులంటే పిల్లలకు టెన్షన్. కానీ తెలుగింట్లో పిల్ల రోజూ పిలిచే పిలుపులు ఒకసారి రాసి చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అవ్వ, అత్త, పిన్ని. అన్నిట్లో వత్తు ఉంది! తాత, మామ లాంటి కొందరే తప్పించుకున్నారు. అందుకే ఈ వీధిలో పాఠం ఉండదు, చుట్టాలు ఉంటారు. అక్క, అవ్వ ముందొస్తారు, ఎందుకంటే క, వ వత్తులను పై అక్షరంతో పోల్చి గుర్తుపట్టొచ్చు. తర్వాత అమ్మ, అన్న, అత్త, చెల్లి వస్తారు. మ, న, త, ల కిందికి దిగేసరికి వేషం మార్చేస్తాయి కదా, ఆ వేషాలు పట్టుకోవడమే ఇక్కడ ఆట. తలుపు తట్టిన చుట్టాన్ని పేరు చదివి లోపలికి పిలవాలి.

మీ ఇంటి మాట తప్పు కాదు

మా సంతలో ప్రతి సరుకుకూ రెండు పేరు చీటీలు ఉంటాయి. ఎర్రగడ్డ, ఉల్లిపాయ. తెల్లగడ్డ, వెల్లుల్లి. ఉర్లగడ్డ, బంగాళాదుంప. బొరుగులు, మరమరాలు. చీనీకాయ, బత్తాయి. ఓళిగ, బొబ్బట్టు. బుడ్డలకైతే మూడు: చెనిక్కాయలు, వేరుశనగ కూడా. పిల్ల ఏ చీటీ అందుకున్నా అవ్వ పుచ్చుకుంటుంది. రెండూ చదవగలిగితే సంచికి ఒక గజ్జె కడుతుంది. సీమ మాటలు వద్దనుకుంటే ఆపేసే మీట లేదు. చాలామంది అడిగారు, పెట్టలేదు.

దారి

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర మొదలవుతుంది. బెలుం గుహల్లో దీపం పట్టుకుని అక్షరాలు వెతుకుతారు, అనంతపురం బుడ్డల చేలు దాటుతారు, లేపాక్షి నంది దగ్గర నీళ్లు తాగుతారు, పెన్నా ఒడ్డున గండికోట ఎక్కుతారు. 2022లో జిల్లాలు విడిపోయినా మా మ్యాపు పాత జిల్లాల ప్రకారమే ఉంది. చివరి మజిలీ కడప జిల్లాలోని కలమళ్ల. రేనాటి చోళ రాజు ధనంజయుడు ఆరో శతాబ్దంలో వేయించిన తెలుగు శాసనం దొరికిన ఊరు అది. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునేది దాన్నే. అక్కడ పిల్లలు రాతి మీద కొన్ని పాత అక్షరాలను వేలితో దిద్ది, అవి ఇప్పటి అక్షరాల్లో దేనికి తాతలో కనిపెట్టాలి.

ఇంట్లో కన్నడమా, ఉర్దూనా?

సూచనలు చెప్పే గొంతును తెలుగు, కన్నడ, ఉర్దూల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఆదోని, మడకశిర వైపు ఇళ్లను, కడప, కర్నూలు పాతబస్తీలను మనసులో పెట్టుకుని చేశాం. నేర్పేది మాత్రం తెలుగే.

డబ్బులు, డేటా

మొదటి సంత ఉచితం. మిగతావన్నీ కలిపి ఒక్కసారి ₹199. నెలనెలా కట్టేది లేదు. కొనే చోటికి పోవాలంటే పెద్దవాళ్లు ఒక గుణకారం లెక్క చేయాలి. ఖాతా అక్కర్లేదు, పేరు, ఊరు అడగం, మైకు, కెమెరా, లొకేషన్ ముట్టుకోం. పిల్లలు ఎంతవరకు ఆడారన్నది ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఒక ఫోన్‌లో నలుగురు పిల్లలు వేరువేరు సంచులు పెట్టుకోవచ్చు. దించుకునేటప్పుడు నెట్ కావాలి, తర్వాత ఆడటానికి అక్కర్లేదు.

స్క్రీన్‌షాట్ల కింద మాటలు

అవ్వ అడిగింది ఏ బుట్టలో ఉంది?

క పక్కన గుడి పెట్టు, తూగుతుందేమో చూడు

అత్త వచ్చింది! తలుపు తియ్యి

రెండు పేర్లూ చదివావా? ఇదిగో గజ్జె

ఈ రాతి మీది అక్షరం ఎవరి తాత?

ఈ వెర్షన్‌లో కొత్తవి (2.3)

పండ్ల సంత తెరిచాం. తక్కెడ చప్పుడు చిన్నపిల్లలను భయపెడుతోందని ఇద్దరు అమ్మలు రాశారు, తగ్గించాం. 'ళ' పలికిన గొంతు 'ల' లాగే వినిపించేది. పాత రికార్డింగ్ తీసేసి, ఊర్లో ఒక అవ్వతో "కళ్లు, పళ్లు, నీళ్లు" అని మళ్లీ చెప్పించాం. ఆమె ఒక్క టేక్‌లో ముగించి, మాకు మజ్జిగ పోసి పంపింది. పాత ఫోన్లలో గండికోట మెట్ల దగ్గర ఆట నిలిచిపోయే ఇబ్బంది కూడా పోయింది.

ప్రచార వాక్యం (జూన్, బడులు తెరిచే వారం)

కొత్త తరగతి, కొత్త తెలుగు వాచకం. రోజుకు పది నిమిషాలు సంతకు పంపండి. గుణింతం బట్టీ కొట్టడం కాదు, తక్కెడలో తూచడం. మొదటి సంత ఉచితం.

ప్రచార వాక్యం (ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం)

ఈ వారం అవ్వ కొత్త పందెం పెట్టింది: ఒకే సరుకుకు మీ ఇంట్లో ఎన్ని పేర్లు? ఏడు గజ్జెలు కడితే కలమళ్ల దారి తెరుచుకుంటుంది.

తల్లిదండ్రుల గ్రూపుల్లో పంపే ప్రచార పాఠం

అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

మేము అనంతపురంలో ఉండే భార్యాభర్తలం. ఆయన బొమ్మలు వేస్తాడు, నేను కోడ్ రాస్తాను. రెండేళ్ల కింద మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు, తెలుగు పరీక్షలో బొమ్మ చూసి పేరు రాయమన్నారు. ఉల్లిపాయ బొమ్మ. మా పాప "ఎర్రగడ్డ" అని రాసింది. 'ర' కింద వత్తు, 'డ' కింద వత్తు, రెండూ చక్కగా కుదిరాయి. పక్కన పెద్ద ఇంటూ మార్కు. టీచరమ్మను తప్పుపట్టలేను, ఆమె దగ్గరున్న జవాబుల కాగితంలో ఉల్లిపాయ అనే ఉంది. కానీ ఆ రోజు సాయంత్రం పాప వాళ్ల అవ్వ దగ్గరికి పోయి, "నువ్వు తప్పు నేర్పించినావు" అనింది. మా అత్తమ్మ చేతిలోని ఎర్రగడ్డను, పాప మొహాన్ని మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు. తరువాత చాలా రోజులు పాప ముందు ఆ మాట అనాలంటే ఒక్క క్షణం ఆగేది.

అప్పుడు మొదలైంది ఈ ఆట. ఆటలో సంత అవ్వ గొంతు మా అత్తమ్మదే. ముందు ఒప్పుకోలేదు. "నా యాస నవ్వులపాలు అయితాది" అనింది. ఫోన్‌ను పప్పు డబ్బా మీద పెట్టి, నిజంగానే సరుకులు అడిగినట్టు అడగమన్నాం. అప్పటినుంచి ఆపడమే కష్టమైంది. "ఎండెక్కుతాంది" అనే మాట మేం రాసింది కాదు, కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు ఆమె నోట వచ్చింది. అలాగే ఉంచేశాం.

ఆట పిల్లల చేతికిచ్చి మీరు వంటింట్లోకి పోవచ్చు, ఏ ఇబ్బందీ ఉండదు. వీలైతే మొదటి రెండు రోజులు పక్కన కూర్చోండి. ముఖ్యంగా మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. సంచిలో పడిన సరుకును "మా ఊర్లో దీన్ని ఇట్లా అంటాం" అని వాళ్లు చెబుతుంటే, పిల్లలు ఆ పేరును 'మా ఇంటి చీటీ' అనే చోట అక్షరం అక్షరం ఏరి రాసుకోవచ్చు. ఆ చీటీ తర్వాతి సంతలో నిజం బుట్ట మీద కనిపిస్తుంది. కర్నూలులో ఒక నాన్న ఆ చోట కూరగాయల పేర్లన్నీ వదిలేసి తమ మేకపిల్ల పేరు రాయించాడట. అవ్వ ఇప్పుడు వాళ్లింట్లో అర కిలో మేకపిల్లను అడుగుతోందని రాశాడు. దాన్ని సరిచేసే ఉద్దేశం మాకు లేదు.

ప్లే స్టోర్‌లోనూ ఆప్ స్టోర్‌లోనూ "అక్షరాల సంత" అని తెలుగులో కొట్టండి. మీ వైపు మాట ఏదైనా మేం వదిలేసి ఉంటే, ఆటలో పైన కుడివైపు 'అవ్వకు ఉత్తరం' అనే డబ్బా ఉంది, అందులో వేయండి. ప్రతి ఆదివారం తీసి అత్తమ్మకు చదివి వినిపిస్తాం. ఆమె ఒప్పుకున్న మాట తర్వాతి వెర్షన్‌లో బుట్టకెక్కుతుంది.